ట్యూబ్‌లైటు ఫోటో నుంచి నీరెండ ముఖచిత్రం: నీడల దిశ చెడకుండా వెలుతురు మార్చే పద్ధతి

ఇంట్లో ట్యూబ్‌లైటు వెలుతురులో తీసిన ఫోటోను ఇచ్చి, అదే మనిషిని సాయంత్రపు నీరెండలో కూర్చున్నట్టుగా చిత్రించమని అడగడం ముఖచిత్రాలు వేసేవారికి తరచుగా ఎదురయ్యే కోరిక. దీనికి ఎక్కువమంది చేసే పని ఫోటో మీద పలచగా నారింజ రంగు పరవడం. అలా చేసినప్పుడు వచ్చేది నీరెండ కాదు, నారింజ రంగు పులిమిన ట్యూబ్‌లైటు ఫోటో మాత్రమే. రంగు మారినా ముక్కు కింద నీడ పై పెదవి మీదికే దిగి ఉంటుంది, గడ్డం కింద మెడంతా చీకటిగానే ఉంటుంది, కంటిలో పొడవాటి తెల్లని గీత అలాగే మెరుస్తూ ఉంటుంది. ఇవన్నీ నెత్తిమీది నుంచి వచ్చిన వెలుతురు గుర్తులు. పొద్దు వాలే వేళ ఎండ పక్క నుంచి వస్తుంది, కాబట్టి నీడలు కిందికి కాక పక్కకు పోవాలి. చూసేవారు ఈ తేడాను మాటల్లో చెప్పలేకపోయినా, ఎక్కడో పొసగలేదని వెంటనే పట్టేస్తారు.

అందుకే ఈ పనిలో రంగుకంటే ముందు నీడ దిశను తేల్చుకోవాలి. ఇక్కడ వివరించే పద్ధతి మొత్తం ఒక్క సూత్రం మీద నిలబడి ఉంది. సూర్యకిరణాలన్నీ ఒకదానికొకటి సమాంతరంగా వస్తాయి కనుక, ముఖంలో ఏ బిందువునైనా దాని నీడతో కలుపుతూ గీత గీస్తే, ఆ గీతలన్నీ చిత్రంలో ఒకే వాలులో ఉండాలి. నీడ పడే చోటు చదునుగా ఉందా, గుండ్రంగా ఉందా, వెనక్కి పోయిందా అన్నదాన్ని బట్టి గీత పొడవు మారుతుంది, వాలు మాత్రం మారదు. ఈ ఒక్క విషయాన్ని చివరిదాకా పట్టుకుంటే మిగిలిన తప్పులను సరిదిద్దడం తేలిక.

ఉదాహరణకు ఒక ఫోటోను తీసుకుందాం. అరవై ఏళ్ల పెద్దావిడ, కళ్లజోడు, చెవులకు దుద్దులు, తెల్లని నూలు చీర. ముఖం దాదాపు నేరుగా కెమెరా వైపు ఉంది, కెమెరా రెండు మీటర్ల దూరంలో ఉంది. నాలుగడుగుల ట్యూబ్‌లైటు ఆమెకు ఎదురుగా, గోడ మీద ఎత్తున, చిత్రంలో కొంచెం ఎడమ పక్కకు ఉంది. పని చేసేది Krita లో అనుకుందాం. పొరలు, మాస్కులు, Multiply కలపడం ఉన్న ఏ చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌లోనైనా ఇదే క్రమం నడుస్తుంది. ఎడమ, కుడి అని చెప్పిన ప్రతిచోటా అది చిత్రంలో మనకు కనిపించే ఎడమ, కుడి అని గ్రహించాలి.

ముందుగా ఫోటోను చదవడం

వెలుతురు ఎక్కడి నుంచి వచ్చిందో కంటి మెరుపు చెబుతుంది. నల్లగుడ్డు మీద అడ్డంగా ఉన్న సన్నని తెల్లగీత ట్యూబ్‌లైటు ప్రతిబింబం. అది నల్లగుడ్డు పైభాగంలో ఎంత ఎత్తున ఉంటే దీపం అంత ఎత్తున ఉందని అర్థం. తర్వాత ముక్కు నీడ అంచును పెద్దదిగా చేసి చూడాలి. ట్యూబు పొడవైన దీపం కనుక, దాని పొడవుకు అడ్డంగా ఉండే నీడ అంచులు కరిగిపోయి ఉంటాయి, పొడవుకు సమాంతరంగా ఉండే అంచులు కొంత తేటగా ఉంటాయి. ముక్కు కింద అడ్డంగా కనిపించే గట్టి గీత, ముక్కు పక్కల కరిగిపోయిన నీడ ఒకే ఫోటోలో ఉండడానికి ఇదే కారణం.

మూడోది, దూరాన్ని బట్టి వెలుతురు తగ్గడం. ట్యూబు దగ్గరి దీపం కాబట్టి నుదుటికంటే గడ్డం, గడ్డంకంటే చీర కుచ్చెళ్లు తక్కువ వెలుతురులో ఉంటాయి. సూర్యుడి విషయంలో ఈ తగ్గుదల ఉండదు. నుదుటికీ ఒడికీ మధ్య ఉన్న అడుగుల దూరం సూర్యుడి దూరం ముందు లెక్కలోకి రాదు. అందువల్ల ఈ పై నుంచి కిందికి చీకటయ్యే మెట్టును తీసివేయకపోతే తర్వాత ఎంత బంగారు రంగు వేసినా గది వాసన పోదు.

ఈ దశలోనే ఫోటో పనికొస్తుందో లేదో తేల్చుకోవాలి. నుదురు, ముక్కు దూలం పూర్తిగా తెల్లబడి చర్మపు వివరం పోయినా, కంటి గుంటలు నల్లబడి రెప్పల గీతలు కనిపించకపోయినా, లేని వివరాన్ని ఊహించి గీయాల్సి వస్తుంది. ఊహించి గీస్తే పోలిక చెడుతుంది. అలాంటప్పుడు మరో ఫోటో అడగడమే మేలు.

పాత వెలుతురును తీసివేయడం

కొత్త ఎండ వేయడానికి ముందు ముఖాన్ని దాదాపు వెలుతురు దిశ లేని స్థితికి తేవాలి. మబ్బు పట్టిన పగలు ఆరుబయట తీసినట్టు ఉండాలన్నది గురి.

మొదట రంగు దిద్దుకోవాలి. చాలా ఇళ్లలో ట్యూబులు 6500 కెల్విన్ దగ్గరి చల్లని తెలుపు రకానివి, పాత ఫ్లోరసెంట్ ట్యూబుల వెలుతురులో పచ్చఛాయ కూడా కలిసి ఉంటుంది. మనవారి గోధుమరంగు, చామనఛాయ చర్మం ఆ పచ్చతనంలో బూడిద పూసినట్టు కనిపిస్తుంది. Color Balance తెరిచి, చీరలోని తెలుపు తటస్థంగా కనిపించే వరకు పచ్చను తగ్గించి మెజెంటా వైపు జరపాలి. కొలతకు చీర తెలుపును తీసుకోవాలి, కంటి తెలుపును కాదు. అరవై ఏళ్ల కంటి తెలుపు సహజంగానే కాస్త పసుపు, దాన్ని తెల్లబరిస్తే ముఖమంతా నీలిగా మారుతుంది. ఇక్కడే మరో జాగ్రత్త అవసరం. ఈ సర్దుబాటు పేరుతో చర్మపు ఛాయను తేల్చి తెల్లగా చేయకూడదు. ఆమె రంగు ఆమెది, మనం తీసేది దీపం రంగు మాత్రమే.

తర్వాత నీడల సంగతి. ఇక్కడ అన్ని చీకట్లనూ ఒకే రకంగా చూడడం పెద్ద పొరపాటు. దీపం దిశ వల్ల వచ్చిన నీడలు వేరు, ఏ వైపు నుంచి వెలుతురు వచ్చినా లోపలికి చేరని ఇరుకు చీకట్లు వేరు. ముక్కు రంధ్రాలు, పెదవుల మధ్య గీత, పై రెప్ప మడత, చెవి లోపలి గుంట, మెడ ముడతల అడుగు, జుట్టు కుదుళ్ల దగ్గరి చీకటి, ఇవన్నీ రెండో రకం. వీటిని అలాగే ఉంచాలి, తీసేస్తే ముఖం మైనపు బొమ్మ అవుతుంది. తీయవలసినవి పై పెదవి మీది ముక్కు నీడ, కంటి గుంటల పైభాగపు చీకటి, గడ్డం కింద మెడను కప్పిన నీడ, కళ్లజోడు పై అంచు రెప్పల మీద వేసిన గీత. కొత్త పొర మీద, నీడ పక్కనే వెలుతురులో ఉన్న చర్మం రంగును తీసుకుని, పలచని మెత్తని కుంచెతో విడతలుగా వేస్తూ పోవాలి. ముడతలను చెరపకుండా నీడను మాత్రం ఎత్తాలంటే కుంచె సాంద్రత పది, పదిహేను శాతం మించకూడదు. నూటికి నూరు పాళ్లూ పోవాలని పట్టుబట్టనక్కరలేదు. నీడ జాడ కళ్లు చికిలించి చూసినప్పుడు కనిపించకుండా ఉంటే చాలు.

నుదుటి మీద, ముక్కు దూలం మీద ఉన్న ట్యూబు మెరుపును కూడా ఇదే తీరుగా పక్క చర్మం రంగుతో తగ్గించాలి. పైనుంచి కిందికి తగ్గే వెలుతురును సరిచేయడానికి, పైభాగాన్ని కొద్దిగా ముదురు చేసి కిందికి కరిగిపోయే గ్రేడియంట్‌ను Multiply పొర మీద పరిస్తే సరిపోతుంది.

సూర్యుడిని ఒకచోట నిలపడం

ఇప్పుడు సూర్యుడి స్థానాన్ని రెండు కోణాలతో నిర్ణయించి, వాటిని ఒక పొర మీద రాసిపెట్టాలి. తర్వాత వాటిని మార్చకూడదు. సూర్యుడు దిగంతం మీద ఎంత ఎత్తున ఉన్నాడన్నది ఎత్తు కోణం. కెమెరా వైపు నుంచి ఎంత పక్కకు ఉన్నాడన్నది పక్క కోణం.

ఎత్తుకు 15 డిగ్రీలు తీసుకుందాం. హైదరాబాదు అక్షాంశంలో విషువత్తు రోజుల్లో సూర్యుడు సాయంత్రం గంటకు సుమారు 14 డిగ్రీలు దిగుతాడు కనుక, ఇది అస్తమయానికి గంట పైచిలుకు ముందటి వేళ. ఎండ రంగు తిరిగి ఉంటుంది, అయినా ముఖాన్ని తేటగా చూపేంత బలం ఇంకా ఉంటుంది. ఐదు డిగ్రీల దగ్గర ఎండ మరీ ఎరుపెక్కి, ఆకాశపు వెలుతురుతో దాదాపు సమానమై, నీడలు నీళ్లు కారిపోతాయి. ముఖచిత్రానికి 12 నుంచి 18 డిగ్రీల మధ్య ఎత్తునే నేను ఇష్టపడతాను.

పక్క కోణం 45 డిగ్రీలు, ఎడమ వైపు. ఫోటోలో ట్యూబు కూడా కొంచెం ఎడమనే ఉంది కాబట్టి ఎండను కూడా ఎడమనే పెట్టడం తెలివైన పని. మనం పూర్తిగా తీయలేకపోయిన పాత వెలుతురు శేషం కొత్త ఎండతో పోట్లాడకుండా దానిలో కలిసిపోతుంది.

ఇక లెక్క. పక్క కోణాన్ని a, ఎత్తు కోణాన్ని e అనుకుంటే, నీడ పడే తలం కంటే ఏదైనా భాగం ఎంత ముందుకు పొడుచుకుని వచ్చిందో ఆ లోతును బట్టి నీడ ఎంత జరుగుతుందో ఇలా తెలుస్తుంది.

```
పక్కకు   = లోతు × tan(a)
కిందికి  = లోతు × tan(e) ÷ cos(a)
వాలు    = arctan(tan(e) ÷ sin(a))
```

మన కోణాలకు tan 45 అంటే 1, tan 15 అంటే 0.268, sin 45, cos 45 రెండూ 0.707. కాబట్టి నీడ లోతుకు సమానంగా పక్కకు పోతుంది, లోతులో 0.38 వంతు కిందికి దిగుతుంది. చిత్రంలో వాలు దాదాపు 21 డిగ్రీలు. సూర్యుడి ఎత్తు 15 కదా, గీత కూడా 15 డిగ్రీలే ఉంటుందని చాలామంది అనుకుంటారు. సూర్యుడు సరిగ్గా పక్కన ఉంటేనే అది నిజం. ముందుకు వచ్చేకొద్దీ చిత్రంలో గీత నిటారు అవుతుంది.

Krita లోని Parallel Ruler సహాయ గీతను ఎడమ పై నుంచి కుడి కిందికి 21 డిగ్రీల వాలులో పెట్టి ఉంచుకోవాలి. ఇకపై ప్రతి నీడ కొననూ దీనితోనే గుర్తించాలి.

సెంటీమీటర్లను పిక్సెళ్లలోకి మార్చుకోవడానికి కళ్లే కొలబద్ద. పెద్దవారిలో రెండు కంటిపాపల మధ్య దూరం సగటున 6.2 సెంటీమీటర్లు ఉంటుంది. మన ఫోటోలో ఆ దూరం 310 పిక్సెళ్లు అనుకుంటే సెంటీమీటరుకు 50 పిక్సెళ్లు. వ్యక్తిని బట్టి ఇది కొన్ని మిల్లీమీటర్లు తేడా రావచ్చు, నీడల లెక్కకు ఆ తేడా అడ్డు కాదు.

నీడల పటం గీయడం

కొత్త పొర మీద ఒకే చదునైన ముదురు రంగుతో, అంచులు కరిగించకుండా, నీడలో ఉన్న ప్రతి భాగాన్నీ నింపాలి. ఈ దశలో ముఖం మీద రెండే విలువలు ఉండాలి, ఎండ లేదా నీడ. మెత్తదనం తర్వాత వస్తుంది. ముందే మెత్తని కుంచె పట్టుకుంటే నీడ ఎక్కడ ముగుస్తుందో తేల్చుకోకుండా దాటవేసే అలవాటు పడుతుంది.

మొదట ముఖం గుండ్రదనం వల్ల వెలుగు ముగిసే అంచు. తలను 15 సెంటీమీటర్ల వెడల్పున్న నిలువు గొట్టంలా ఊహిస్తే, 45 డిగ్రీల పక్క ఎండ ఆ గొట్టం మధ్యగీతకు కుడివైపున 5.3 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. అంటే మన ఫోటోలో ముక్కు మధ్య నుంచి సుమారు 265 పిక్సెళ్ల కుడికి. అసలు ముఖం గొట్టం కాదు కనుక చెంప ఎముక దగ్గర ఈ అంచు బయటికి, చెంప గుంట దగ్గర లోపలికి వంకర తిరుగుతుంది. కుడి కణత, కుడి చెవి, దవడ కుడి చివర పూర్తిగా నీడలోనే ఉంటాయి.

తర్వాత ముక్కు. ముక్కు కొన చెంప కంటే సుమారు 2.5 సెంటీమీటర్లు ముందుకు ఉంటుంది. కాబట్టి కొన నీడ 125 పిక్సెళ్లు కుడికి, 47 పిక్సెళ్లు కిందికి పడుతుంది. చెంప ఆ చోట కొంచెం వెనక్కి వాలి ఉంటుంది కనుక అదే 21 డిగ్రీల గీత మీద మరికొంత ముందుకు, 150 పిక్సెళ్ల దాకా జరపవచ్చు. ఇక్కడ గమనించవలసిన విషయం, ముక్కు నీడకూ చెంప మీద వెలుగు ముగిసే అంచుకూ మధ్య ఎండ పడిన చర్మం ఒక పట్టీగా మిగులుతుంది. ఆ పట్టీ లేకుండా రెండు నీడలనూ కలిపేస్తే సూర్యుడు ఇంకా పక్కకు వెళ్లిపోయినట్టు అవుతుంది. పక్క కోణం 60 అయితే ముక్కు నీడ 4.3 సెంటీమీటర్లు పోతుంది, అప్పుడు మాత్రం అవి కలిసిపోవచ్చు. పై పెదవి మీద ఇప్పుడు నీడ దాదాపు ఉండదు. ఆ ఖాళీని చూసి కంగారుపడి మళ్లీ నీడ వేయకండి.

కంటి గుంటలలో కూడా ఇదే మార్పు వస్తుంది. కనుబొమ ఎముక కంటికంటే సెంటీమీటరు ముందుకు ఉందనుకుంటే, దాని నీడ నాలుగు మిల్లీమీటర్లే కిందికి దిగుతుంది. అంటే పై రెప్ప మడత నీడలో ఉంటుంది, కన్ను ఎండలో ఉంటుంది. కుడి కంటి లోపలి మూలను మాత్రం ముక్కు దూలం నీడ కప్పుతుంది.

అన్నిటికంటే ఎక్కువ తప్పు జరిగేది మెడ దగ్గర. గడ్డం మెడ ముందుభాగం కంటే సుమారు 5 సెంటీమీటర్లు ముందుకు ఉంటుంది. దాని నీడ 5 సెంటీమీటర్లు కుడికి పోతుంది, కిందికి రెండు సెంటీమీటర్లే దిగుతుంది. ట్యూబ్‌లైటు కింద పూర్తిగా చీకటిగా ఉన్న మెడలో ఇప్పుడు ఎడమ, దిగువ భాగాలు ఎండలో మెరవాలి. దవడ కింద పైభాగంలోనూ కుడివైపునూ ఏటవాలు అంచుతో నీడ ఉండాలి. ఈ ఒక్క చోటు సరిచేస్తే చాలు, చిత్రం గదిలోంచి బయటికి వచ్చినట్టు అనిపిస్తుంది. మెడ వివరం ఫోటోలో సరిగా కనిపించదు కాబట్టి, ముడతల దిశను గమనించి నెమ్మదిగా గీయాలి.

కళ్లజోడు మనకు మంచి సాక్షి. ఎడమ అద్దం కింది అంచుకూ చెంపకూ మధ్య సెంటీమీటరు ఎడం ఉంటే, అంచు నీడ 50 పిక్సెళ్లు కుడికి, 19 పిక్సెళ్లు కిందికి సన్నని వంపుగీతగా పడాలి. ఎడమ దుద్దు నీడ దాని వెనక దవడ మీదికి అదే వాలులో జారుతుంది. కుడి దుద్దు పూర్తిగా నీడలో ఉంది కనుక దానికి నీడ గీయకూడదు, ఎండ మెరుపూ పెట్టకూడదు.

ఒకే మాస్కుతో రెండు రంగులు

నీడల పటం పూర్తయ్యాక దాన్నే మాస్కుగా వాడి రెండు Multiply పొరలు వేయాలి. నీడ భాగానికి ఒకటి, దాన్ని తలకిందులు చేసిన మాస్కుతో ఎండ భాగానికి మరొకటి. రెండింటికీ మాస్కు ఒక్కటే కావడం ముఖ్యం. వేర్వేరుగా గీస్తే సరిహద్దులో అటూ ఇటూ కాని సందులు మిగులుతాయి.

మామూలు 8 బిట్ల sRGB చిత్రంలో నేను మొదలుపెట్టే రంగులు ఇవి.

```
ఎండ : #FFD1A3
నీడ  : #808296
```

నీడ రంగు ఎండ కంటే సుమారు ఒకటిన్నర స్టాపులు తక్కువ వెలుతురును ఇస్తుంది. ఆరుబయట సాయంత్రానికి ఇది నమ్మదగిన ఆరంభం. అస్తమయం దగ్గరపడేకొద్దీ ఈ తేడా తగ్గాలి.

ఈ రంగులు ఏం చేస్తాయో ఒకచోట దగ్గరగా చూద్దాం. పాత వెలుతురు తీసేశాక ఆమె చెంప రంగు 176, 128, 100 అనుకుందాం. ఎండలో అది 176, 105, 64 అవుతుంది, నీడలో 88, 65, 59 అవుతుంది. చీర తెలుపు 240, 240, 238 అయితే ఎండలో 240, 197, 152, నీడలో 120, 122, 140 అవుతుంది. చీర నీడ స్పష్టంగా నీలి వైపు తిరిగింది. చెంప నీడ మాత్రం ఇంకా ఎర్రగోధుమ రంగే. అంటే నీడలు నీలంగా ఉంటాయని విని చర్మపు నీడలో నేరుగా నీలం పులమడం తప్పు. ఆకాశపు నీలి వెలుతురు గోధుమ చర్మం మీద పడితే చర్మం ఎరుపుదనం కొంత తగ్గి కనిపిస్తుంది, అంతే. నీలం బయటపడే చోటు తెల్ల చీర, తెల్ల వెంట్రుకలు.

రంగులు పరిచాక మొత్తం చిత్రం కొంచెం చీకటిగా అనిపిస్తుంది. అప్పుడు కింది మూల పొరను కొద్దిగా వెలిగించాలి, ఎండ పొర రంగును పలచబరచకూడదు. ఎండ భాగం లోపల కూడా వెలుతురు ఒకే తీరుగా ఉండదు. సూర్యుడికి ఎదురుగా తిరిగిన ఎడమ చెంప ఎముక, ముక్కు ఎడమ పక్క, నుదుటి ఎడమ భాగం అన్నిటికంటే వెలుగుతాయి. నుదుటి మధ్యభాగం కుడికి తిరిగేకొద్దీ తగ్గుతుంది. ఇంకో Multiply పొర మీద మెత్తని కుంచెతో, వెలుగు ముగిసే అంచు వైపు క్రమంగా ముదురు చేస్తే ఈ తగ్గుదల వస్తుంది.

నీడలోకి తిరిగి వచ్చే వెలుతురు విషయంలో ఒక అలవాటును ప్రశ్నించాలి. గడ్డం కింద నేల నుంచి నారింజ వెలుతురు తిరిగి వస్తున్నట్టు వేయడం చాలామందికి పరిపాటి. మధ్యాహ్నం అది నిజమే కానీ, సూర్యుడు 15 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు నేల మీద ఎండ ఏటవాలుగా పడి, సూర్యుడికి ఎదురుగా ఉన్న తలానికి అందే వెలుతురులో నాలుగో వంతు మాత్రమే అందుకుంటుంది. అదే వేళ సూర్యుడికి ఎదురుగా నిలిచిన గోడ దాదాపు పూర్తి వెలుతురును అందుకుంటుంది. కాబట్టి ఆమెకు కుడివైపున అలాంటి గోడ ఉందని చూపితే కుడి చెంపలోకి, కుడి దవడలోకి గోడ రంగు కలిసిన వెచ్చని వెలుతురు పక్క నుంచి రావాలి. గోడ లేకపోతే ఆ చెంపకు ఆకాశమే దిక్కు. రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి.

అంచులు

ఇప్పుడు మెత్తదనం. వెలుగు ముగిసే అంచు ముఖం మెల్లగా తిరిగే చోట వస్తుంది కనుక మెత్తగా ఉండాలి. పడిన నీడ అంచు, నీడ వేసే వస్తువు ఎంత దూరంలో ఉందో దాన్ని బట్టి ఉంటుంది. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు సుమారు అర డిగ్రీ. అందువల్ల నీడ అంచు మసక, వస్తువుకూ నీడకూ మధ్య దూరంలో సుమారు నూట ఏడో వంతు ఉంటుంది. ముక్కు కొన నుంచి నీడ దాకా కిరణం ప్రయాణించే దూరం 3.7 సెంటీమీటర్లు, కాబట్టి మసక మన ఫోటోలో రెండు పిక్సెళ్లు కూడా కాదు. అదే రెండు మీటర్ల అవతలి వసారా స్తంభం నీడ ఆమె భుజం మీద పడుతుంటే దాని అంచు దాదాపు రెండు సెంటీమీటర్ల మసకతో, అంటే 90 పిక్సెళ్లకు పైగా కరిగిపోవాలి. ముక్కు నీడనూ స్తంభం నీడనూ ఒకే కుంచెతో గీసిన చిత్రం ఇక్కడే దొరికిపోతుంది.

చర్మం విషయంలో చిన్న మినహాయింపు ఉంది. వెలుతురు చర్మంలోకి కొంత చొచ్చుకుని పక్కకు వ్యాపిస్తుంది, ఆ వ్యాపించేదానిలో ఎరుపు ఎక్కువ. అందుకే నీడ అంచు వెంబడి రెండు మిల్లీమీటర్ల మేర, ఎర్రదనం పెరిగిన సన్నని పట్టీ కనిపించీ కనిపించనట్టు ఉంచాలి. ఛాయ ముదిరేకొద్దీ ఇది తగ్గుతుంది. కళ్లజోడు అంచుకు, చీర మడతకు ఇది వర్తించదు.

కళ్లు, అద్దాలు, వెనక గోడ

కంట్లోని ట్యూబు గీతను పూర్తిగా తుడిచేయాలి. సూర్యుడి మెరుపు చిన్న గట్టి చుక్క. మన కోణాల్లో అది కంటిపాప మధ్య నుంచి ఎడమకు సుమారు మూడు మిల్లీమీటర్లు, పైకి ఒక మిల్లీమీటరు దగ్గర వస్తుంది, అంటే నల్లగుడ్డు అంచుకు సగం దూరంలో. రెండు కళ్లలోనూ చుక్క ఒకే స్థానంలో ఉండాలి. కుడి కంటికి ఎండ అందుతున్నదో లేదో నీడల పటంలో చూసి, అందకపోతే చుక్క బదులు ఆకాశపు పలచని నీలి మెరుపు చాలు. గదిలో విప్పారిన కంటిపాప ఎండలో కుదించుకుంటుంది కనుక దాన్ని మూడింట రెండు వంతులకు తగ్గించాలి. కింది రెప్పను కూడా పిసరంత పైకి జరపాలి. ఇంతకుమించి చికిలింపు గీస్తే ముఖకవళిక మారి పోలిక పోతుంది. అద్దాల మీది ట్యూబు ప్రతిబింబాన్ని తీసేసి, దాని చోట ఏమీ పెట్టకపోవడమే మంచిది.

వెనక గోడ మీద తల నీడ ఎక్కడ పడుతుందో కూడా అదే లెక్క చెబుతుంది. గోడ 60 సెంటీమీటర్ల వెనక ఉంటే నీడ 60 సెంటీమీటర్లు కుడికి, 23 సెంటీమీటర్లు కిందికి జరుగుతుంది. మన చిత్రం వెడల్పు 2000 పిక్సెళ్లు, అంటే ముఖం దగ్గర 40 సెంటీమీటర్లు మాత్రమే. కాబట్టి తల నీడ చిత్రంలోకి రానే రాదు. చెవి పక్కనే గోడ మీద నీడ అంటించడం ఆమె గోడకు ఆనుకుని కూర్చుంటేనే చెల్లుతుంది.

సరిచూసుకోవడం

అన్ని రంగులూ కనిపిస్తుండగా కొత్త పొర తెరిచి మూడు గీతలు గీయాలి. ముక్కు కొన నుంచి దాని నీడ కొనకు ఒకటి, కళ్లజోడు ఎడమ అంచులో గుర్తుపట్టగల ఒక మలుపు నుంచి దాని నీడకు ఒకటి, ఎడమ దుద్దు అడుగు నుంచి దాని నీడకు ఒకటి. మూడూ 21 డిగ్రీలకు ఒకటి రెండు డిగ్రీల లోపల ఉండాలి. ఏదైనా తప్పితే నీడ కొనను గీత మీదికి జరపాలి, గీతను నీడ కోసం జరపకూడదు. మూడూ ఒకే తీరుగా తప్పి, 30 డిగ్రీల దగ్గర కలిస్తే నీడలు పరస్పరం పొసిగినా సూర్యుడు ఎత్తుకు పోయాడని అర్థం. అప్పుడు కోణాన్ని కొత్తగా రాసుకుని, కంటి మెరుపు చుక్కను, గోడ నీడను దానికి తగ్గట్టు మార్చుకోవచ్చు, లేదా నీడలనే వెనక్కి తేవచ్చు. ఎండ రంగు మాత్రం ఆ ఎత్తుకు తగినట్టు లేతబడాలి.

తర్వాత చిత్రాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడాలి. రంగు లేకుండా కూడా సాయంత్రపు పక్క ఎండ తెలియాలి. నలుపు తెలుపులో నుదురే అన్నిటికంటే వెలుగుగా కనిపిస్తే ట్యూబ్‌లైటు శేషం ఇంకా ఉందని గ్రహించి, మూల పొరకు తిరిగి వెళ్లి నుదుటి మెరుపును మళ్లీ తగ్గించాలి. అన్నిటికంటే వెలుగైన చోటు ఎడమ చెంప ఎముక దగ్గరికి చేరేవరకు పై పొరలను ముట్టుకోకూడదు.